నెలనెలా కట్టే ఆర్డీ... ఫోన్‌లో లెక్కేస్తే మైనస్ ఎందుకొస్తోంది?

నెలకి 2,000 చొప్పున పోస్టాఫీసులో ఆర్డీ కడుతున్నారనుకోండి. అయిదేళ్ల తర్వాత చేతికి ఎంతొస్తుందో చూద్దామని ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచారు. ఎవరో చెప్పిన FV ఫార్ములా కొట్టారు. లక్షా నలభై వేల పైచిలుకు కనిపించింది. కానీ ముందు ఓ మైనస్ గుర్తు! దాచుకున్న డబ్బుకి మైనస్ ఏంటి? ఇదేమన్నా అప్పా?

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటే. మైనస్‌ని పట్టించుకోకుండా అంకె మాత్రం చూసుకుంటారు. చాలాసార్లు దాంతో నష్టమేమీ ఉండదు. కానీ ఒకే ఒక్క సందర్భంలో ఆ అలవాటు మిమ్మల్ని నిలువునా ముంచుతుంది. అప్పుడు ఎర్రర్ రాదు, మైనస్ కూడా కనపడదు. చూడ్డానికి బుద్ధిగా ఉన్న తప్పు సమాధానం వస్తుంది. ఈవారం ఆ సంగతే చూద్దాం. ఫోన్ పక్కన పెట్టుకుని చదవండి. చదువుతూనే చేసెయ్యొచ్చు.

ముందు లెక్క వేద్దాం

పోస్టాఫీసు ఆర్డీ అయిదేళ్లది, అంటే 60 కిస్తీలు. వడ్డీ రేటుని కేంద్ర ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. అయితే మీరు ఖాతా తెరిచిన రోజున ఉన్న రేటే చివరిదాకా మీకు వర్తిస్తుంది. మధ్యలో రేటు పెరిగినా తగ్గినా మీ ఖాతాకి సంబంధం లేదు. మన లెక్కకి ఏడాదికి 6.7 శాతం తీసుకుందాం. 2023 అక్టోబర్ నుంచి తెరిచిన ఖాతాలకి ఆ రేటు వచ్చింది. మీ పాస్‌బుక్‌లో వేరే రేటుంటే అది వేసుకోండి.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. మనం కట్టేది నెలనెలా. కానీ వడ్డీని అసలులో కలిపేది మూడు నెలలకోసారి. FV ఫార్ములాకి మాత్రం కిస్తీ ఎంత గడువుకి కడుతున్నామో అదే గడువుకి రేటు కావాలి. కాబట్టి ఏడాది రేటుని ముందు నాలుగుతో భాగించి మూడు నెలల రేటు తెచ్చుకోవాలి. అందులోంచి నెల రేటు తీయాలి. కింద నాలుగో వరస చేసేది అదే:

```
B1   2000
B2   6.7%
B3   60
B4   =(1+B2/4)^(1/3)-1
B5   =FV(B4, B3, B1, 0, 1)
```

B4లో 0.00555 దగ్గర్లో వస్తుంది. అంటే నెలకి ముప్పావు శాతం కూడా లేదు, 0.555 శాతం. ఈ వరస మర్చిపోయి నేరుగా 6.7%నే FVలో పెట్టేశారనుకోండి, నెలకే 6.7 శాతం వడ్డీ అనుకుని ఫార్ములా మీకు 15 లక్షల పైన చూపిస్తుంది. అంత ఆనందం వస్తే వెంటనే అనుమానించాలి!

ఇక B5లోని అయిదు ముక్కలు వరసగా ఇవీ: నెల రేటు, ఎన్ని కిస్తీలు, ఒక్కో కిస్తీ ఎంత, మొదలుపెట్టేటప్పటికే ఉన్న సొమ్ము ఎంత, కిస్తీ నెల మొదట్లో కడతారా చివర్లోనా. కొత్త ఖాతా కాబట్టి నాలుగోది సున్నా. చివరిది 1 పెడితే నెల మొదట్లో అని, 0 పెడితే నెల చివర్లో అని అర్థం. ఆ 1 సంగతి తర్వాత చెబుతాను.

ఎంటర్ కొట్టండి. దాదాపు -1,42,732 వస్తుంది. ఇదిగో, మన మైనస్!

కౌంటర్‌కి మీరు ఏ పక్కన ఉన్నారు?

FVకి ఆర్డీ అంటే తెలీదు, పొదుపు అంటే తెలీదు, అప్పు అంటే కూడా తెలీదు. దానికి తెలిసింది ఒక్కటే. ఎవరో ఒకరి జేబు, ఆ జేబులోకి వచ్చే డబ్బు, ఆ జేబులోంచి పోయే డబ్బు. వచ్చేది ప్లస్. పోయేది మైనస్. అంతకుమించి ఏమీ లేదు.

మనకి ఇక్కడే తికమక. ఆర్డీ కడుతుంటే "డబ్బు పెరుగుతోంది" అనుకుంటాం, మనసులో అది ప్లస్. పాస్‌బుక్‌లో కూడా నెలనెలా అంకె పెరుగుతూ కనిపిస్తుంది, మైనస్ ఎక్కడా ఉండదు. కానీ కిస్తీ కట్టే రోజున మీ జేబు సంగతేంటి? అందులోంచి 2,000 పోయింది. మీ జేబు తరఫున చూస్తే అది మైనస్సే. తిరిగి ప్లస్ అయ్యేది అయిదేళ్ల తర్వాత, మొత్తం చేతికి వచ్చిన రోజున.

మరి మనం B5లో ఏం రాశాం? కిస్తీని ప్లస్ 2,000 అని రాశాం. అంటే "నెలనెలా నా జేబులోకి 2,000 వస్తోంది" అని చెప్పాం. నెలనెలా 2,000 వచ్చేది ఎవరి జేబులోకి? పోస్టాఫీసు జేబులోకి! అంటే తెలీకుండానే కౌంటర్ అవతలి పక్కకి వెళ్లి కూర్చున్నాం. ఆ పక్కనుంచి చూస్తే నెలనెలా 2,000 వస్తుంది, అయిదేళ్లకి 1,42,732 మీకు ఇచ్చుకోవాలి. ఇచ్చుకోవాలి కాబట్టి మైనస్. ఫార్ములా తప్పు చెప్పలేదు. పోస్టాఫీసు వాళ్లకి చెప్పాల్సిన జవాబు మీకు చెప్పిందంతే.

కౌంటర్ ఇవతలికి వచ్చేద్దాం. కిస్తీ ముందు ఒక్క మైనస్ చాలు:

```
=FV(B4, B3, -B1, 0, 1)
```

ఇప్పుడు 1,42,732, ప్లస్‌లో. మీరు కట్టింది 1,20,000. వడ్డీ 22,732.

ఇక్కడో చిన్న జాగ్రత్త. B1 గడిలో మామూలుగా 2000 అనే రాయండి, మైనస్‌ని ఫార్ములాలోనే పెట్టండి. గడిలో -2000 రాసి, ఫార్ములాలో మళ్లీ -B1 అంటే రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అవుతాయి. మళ్లీ కౌంటర్ అవతలికి వెళ్లిపోతారు.

ఎందుకీ పట్టుదల?

"ఆర్డీ లెక్కే కదా, ప్లస్‌లోనే చూపించొచ్చుగా?" అని అడగొచ్చు. FV లోపల ఉన్నది ఒక త్రాసు. ఈరోజు ఉన్న సొమ్ము వడ్డీతో పెరిగి ఎంతైందో అది ఒకటి. కిస్తీలన్నీ వడ్డీతో పెరిగి ఎంతయ్యాయో అది రెండు. చివర్లో చేతులు మారేది మూడు. గుర్తులతో సహా ఈ మూడూ కలిపితే సున్నా రావాలి. అదే దాని నియమం.

వడ్డీ లేని చిన్న లెక్కతో చూస్తే వెంటనే తెలిసిపోతుంది. అక్క దగ్గర నెలకి 2,000 చొప్పున మూడు నెలలు దాచారు. జేబులోంచి మూడుసార్లు పోయింది, కాబట్టి -6,000. చివర్లో అక్క తిరిగిచ్చింది, +6,000. కలిపితే సున్నా, లెక్క సరిపోయింది. మీరు కట్టింది కూడా ప్లస్, తిరిగొచ్చింది కూడా ప్లస్ అంటే 12,000 అవుతుంది. ఇద్దరిలో ఎవరూ ఏమీ ఇవ్వకుండానే డబ్బు పుట్టుకొచ్చినట్టు! త్రాసు ఒప్పుకోదు.

ఈ ఒక్క నియమం ఉండబట్టే అదే FV ఆర్డీకీ పనికొస్తుంది, ఈఎంఐ కడుతున్న అప్పులో ఇంకెంత మిగిలిందో చూడ్డానికీ పనికొస్తుంది. ఏది అప్పో ఏది పొదుపో దానికి వేరే చెప్పక్కర్లేదు, గుర్తులు చూసి అర్థం చేసుకుంటుంది. అంటే గుర్తు తప్పుగా పెడితే తప్పుగానే అర్థం చేసుకుంటుంది కూడా.

అసలు గోతి ఇక్కడుంది

ఇప్పటిదాకా కిస్తీ ఒక్కటే ఉంది. గుర్తు తప్పినా అంకె మాత్రం సరిగ్గానే వచ్చింది. మైనస్‌ని చూడనట్టు ఊరుకున్నా నష్టం లేదు. అసలు ప్రమాదం నాలుగో ముక్క దగ్గర, "ఇప్పటికే ఉన్న సొమ్ము" దగ్గర మొదలవుతుంది.

ఖమ్మంలో మొబైల్ షాపులో పనిచేసే ఓ కుర్రాడు అనుకుందాం. చెల్లెలి చదువుకి అయిదేళ్ల తర్వాత లక్షన్నర కావాలని నెలకి 2,000 ఆర్డీ మొదలుపెట్టాడు. నాలుగు కిస్తీలు కట్టాడు. ఇంకా 56 ఉన్నాయి. "ఇక్కడినుంచి చివరికి ఎంతవుతుంది?" అని లెక్క వేయాలనుకున్నాడు. ముందు నాలుగు నెలలకి వడ్డీతో కలిపి ఎంతయిందో చూశాడు:

```
=FV(B4, 4, -B1, 0, 1)
```

8,112 వచ్చింది. ఇది లెక్క ప్రకారం అప్పటికున్న విలువ. వడ్డీ ఇంకా ఖాతాలో వెయ్యకపోతే పాస్‌బుక్‌లో 8,000 మాత్రమే కనిపించొచ్చు, కంగారు పడక్కర్లేదు. తర్వాత మిగిలిన 56 నెలలకి ఇలా రాశాడు:

```
=FV(B4, 56, -B1, 8112, 1)
```

కిస్తీకి మైనస్ పెట్టాలని తెలుసు, పెట్టాడు. 8,112 మాత్రం "నా ఖాతాలో ఉన్నదే కదా, నా డబ్బే కదా" అనుకుని ప్లస్‌లో ఉంచేశాడు. జవాబు 1,20,610 వచ్చింది. ప్లస్‌లోనే ఉంది, ఎర్రర్ లేదు. కట్టే మొత్తం 1,20,000 కన్నా కాస్త ఎక్కువే ఉంది. అన్నీ సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తోంది.

సాయంత్రం రైసు మిల్లులో లెక్కలు చూసే వాళ్ల అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, అయిదేళ్లు కడితే వడ్డీ ఆరొందల పది రూపాయలంట! ఇంకెందుకే కట్టడం, మానేస్తా."

"ఆగరా. 6.7 శాతం అని నువ్వే చెప్పావు. లక్షా ఇరవై వేలకి అయిదేళ్లలో ఆరొందలు ఎట్లా అయితదిరా? ఆ ఎనిమిది వేలు నీ దగ్గరున్నయా, పోస్టాఫీసులో ఉన్నయా?"

"పోస్టాఫీసులోనే."

"మరి నీ జేబులోకి వచ్చినట్టు రాశావేంది?"

అక్క అడిగిన ఆ ప్రశ్నలోనే మొత్తం ఉంది. 8,112కి ప్లస్ పెట్టడమంటే "ఈరోజు పోస్టాఫీసు నాకు 8,112 ఇచ్చింది" అని చెప్పడం. అంటే అప్పు! FV దాన్ని అలాగే తీసుకుంది. ఈ కుర్రాడు ఈరోజు 8,112 అప్పు తీసుకున్నాడు, 56 నెలలకి అది వడ్డీతో 11,061 అయింది. మరోపక్క 56 కిస్తీలు వడ్డీతో పెరిగి 1,31,671 అయ్యాయి. అప్పు పోను మిగిలింది 1,20,610. లెక్కలో పైసా తేడా లేదు. చెప్పిన కథే తప్పు.

కిస్తీలోనూ, ఉన్న సొమ్ములోనూ గుర్తు ఒకేలా ఉండాలి. రెండూ అతని జేబులోంచే పోయాయి కదా:

```
=FV(B4, 56, -B1, -8112, 1)
```

ఇప్పుడు 1,31,671కి 11,061 కలుస్తుంది. మొత్తం 1,42,732. మొదట్లో 60 నెలలకి ఒకేసారి వేసినప్పుడు వచ్చిందీ ఇదే. ఒక్క గుర్తు తేడా 22,122 రూపాయలు! 11,061 కలవాల్సింది పోయి తీసివేత అయింది కాబట్టి తేడా దానికి సరిగ్గా రెండింతలు.

ఇది ఉత్త అంకెల గొడవ కాదు. ఆ అంకెని నమ్మి కిస్తీలు మానేసి ఉంటే ఏమయ్యేది? పోస్టాఫీసు ఆర్డీని మూడేళ్లు నిండకుండా మూసేసి డబ్బు తీసుకోవడం కుదరదు. మూడేళ్లయ్యాక ముందుగా మూసినా ఆర్డీ వడ్డీ కాకుండా సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. కిస్తీ తప్పిన ప్రతి నెలకీ వందకి రూపాయి చొప్పున, అంటే 2,000కి 20 రూపాయలు డిఫాల్ట్ ఫీజు ఉంటుంది. నాలుగు కిస్తీలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, దాన్ని మళ్లీ నడిపించుకోవడానికి రెండు నెలలే గడువు. ఒక మైనస్ మర్చిపోయినందుకు ఇంత తతంగం.

మైనస్‌ని తుడిచేయకండి

కొంతమంది మైనస్ కనపడకుండా మొత్తం ఫార్ములాని ABS లోపల పెట్టేస్తారు. ABS ఏ అంకెకైనా గుర్తు తీసేసి చూపిస్తుంది. వీడియోల్లో కూడా ఈ చిట్కా చెబుతుంటారు. గుర్తులు రెండూ ఒకే పక్క ఉన్నంతవరకూ ఇబ్బంది లేదు. కానీ ఒకటి ఇటూ ఒకటి అటూ ఉంటే, ABS పెట్టినా పెట్టకపోయినా 1,20,610 వస్తుంది. పైగా జవాబు ముందున్న గుర్తు "నువ్వు కౌంటర్‌కి అవతల ఉన్నావు" అని చెప్పే ఒకే ఒక్క ఆనవాలు. దాన్ని తుడిచేస్తే మిగిలేది ఉత్త అంకె.

మరి తప్పు జరిగిందో లేదో తెలిసేదెలా? ఒక సులువైన పరీక్ష ఉంది. వడ్డీ రేటు చోట సున్నా పెట్టి చూడండి:

```
=FV(0, 56, -B1, 8112, 1)
```

వడ్డీ లేకపోతే మీరు పెట్టినదంతా పెట్టినట్టే తిరిగి రావాలి. 56 కిస్తీలంటే 1,12,000, దానికి ఇప్పటికే ఉన్న 8,112 కలిపితే 1,20,112 రావాలి. ఇది నోటితో వేసుకోగల లెక్క. కానీ పై ఫార్ములా 1,03,888 చూపిస్తుంది. తక్కువొచ్చిందంటే ఏదో ఒకటి కలవాల్సింది తీసివేత అయిందని అర్థం. 8112 ముందు మైనస్ పెట్టగానే సరిగ్గా 1,20,112 వస్తుంది. అప్పుడు సున్నా తీసేసి మళ్లీ B4 పెట్టుకోండి. వడ్డీ ఉన్నప్పుడు 1,20,610 సబబుగానే అనిపించింది. వడ్డీ తీసేయగానే తప్పు బయటపడిపోయింది.

చివర్లో ఆ 1 ఎందుకు?

ఇందాక ఆపిన విషయం. చివరి ముక్క రాయకుండా వదిలేస్తే FV దాన్ని సున్నా అనుకుంటుంది. అంటే ప్రతి కిస్తీ ఆ నెలాఖరున కట్టినట్టు. అప్పుడు చిట్టచివరి కిస్తీ మెచ్యూరిటీ రోజునే కట్టినట్టవుతుంది, దానికి వడ్డీయే ఉండదు. ఆర్డీ అలా ఉండదు. ఖాతా తెరిచిన రోజునే మొదటి కిస్తీ కట్టాలి. చివరి కిస్తీ కట్టాక కూడా ఒక నెల ఆగాలి. పోస్టాఫీసులో నెలలో 15వ తేదీలోపు ఖాతా తెరిస్తే ప్రతి నెలా 15లోపు కట్టాలి. 16 తర్వాత తెరిస్తే నెలలో చివరి పనిదినం లోపు కట్టాలి. ఏ కిస్తీ ఆ గడువులో పడితే ఆ నెల లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే 1.

మన లెక్కలో 1 మర్చిపోతే 1,42,732 బదులు 1,41,944 వస్తుంది, 788 రూపాయలు తక్కువ. పోస్టాఫీసు చెప్పిన అంకెకీ మీ అంకెకీ ఇంత చిన్న తేడా వస్తే ముందు ఈ 1 ఉందో లేదో చూడండి. అదే మీ అంకె 141 రూపాయలు ఎక్కువగా, అంటే 1,42,873 వస్తే కారణం వేరు. 6.7ని నేరుగా 12తో భాగించి ఉంటారు. అలా చేస్తే వడ్డీ నెలనెలా అసలులో కలిసినట్టు లెక్కవుతుంది, నిజానికి కలిసేది మూడు నెలలకోసారి. గుర్తు తప్పితే తేడా వేలల్లో ఉంటుంది, ఈ రెండూ తప్పితే వందల్లో ఉంటుంది. తేడా ఎంతుందో చూస్తే తప్పెక్కడుందో చాలావరకు పట్టేయొచ్చు.

ఈ లెక్క కిస్తీలన్నీ గడువులో కట్టినవారికే సరిపోతుంది. మధ్యలో తప్పిన కిస్తీలు, వాటి ఫీజులు, వడ్డీ మీద కట్టాల్సిన ఆదాయపు పన్ను FVకి తెలీవు. బ్యాంకు ఆర్డీలకి కూడా మామూలుగా మూడు నెలల చక్రవడ్డీయే కాబట్టి ఇదే షీటు పనికొస్తుంది. రేటు, నెలలు మార్చుకుంటే చాలు.

మైనస్‌లో వస్తేనే సరైన జవాబు

మన ఖమ్మం కుర్రాడికి కావాల్సింది లక్షన్నర. వచ్చేది 1,42,732. ఇంకా 7,268 తక్కువ. అందుకోసం ఇంకో చిన్న ఆర్డీ తెరవాలంటే నెలకి ఎంత కట్టాలి? దీనికి FVకి తోడబుట్టిన PMT ఉంది. ఇందులో ముక్కల వరస ఇలా: నెల రేటు, నెలలు, ఇప్పుడున్న సొమ్ము, చివర్లో కావాల్సిన సొమ్ము, నెల మొదట్లోనా చివర్లోనా.

```
=PMT(B4, 60, 0, 7268, 1)
```

ఈసారి 7,268కి మైనస్ పెట్టలేదు చూడండి. అది చివర్లో అతని జేబులోకి రావాల్సిన డబ్బు, అందుకే ప్లస్. జవాబు -101.84 వస్తుంది. మళ్లీ మైనస్! కానీ ఇప్పుడు దాన్ని చూసి ఎవరూ కంగారు పడరు. నెలనెలా అతని జేబులోంచి పోవాల్సింది 101 రూపాయల 84 పైసలు అని అది చెబుతోంది. ఇక్కడ ప్లస్ వస్తేనే అనుమానించాలి.

పోస్టాఫీసులో ఆర్డీ కనీసం 100 రూపాయలు, ఆపైన పదుల్లోనే పెంచాలి. కాబట్టి 110తో ఇంకో ఖాతా తెరవాలి. ఒకరి పేరు మీద ఎన్ని ఆర్డీలైనా ఉండొచ్చు. అదే రేటుంటే 110 రూపాయల ఖాతాకి అయిదేళ్లలో 7,850 వస్తుంది. రెండూ కలిపి 1,50,582. రెండోది నాలుగు నెలలు ఆలస్యంగా మొదలైంది కాబట్టి నాలుగు నెలలు ఆలస్యంగానే చేతికొస్తుంది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చెల్లెలి ఫీజు గడువు చూసుకోవాలి.

ఈసారి ఫోన్‌లో FV కొట్టేముందు ప్రతి అంకె దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి. ఇది నా జేబులోంచి పోయిందా, నా జేబులోకి వస్తుందా? పోయినవాటన్నిటికీ మైనస్ పెట్టండి. ఆ తర్వాత రేటు సున్నా చేసి ఒక్కసారి చూసుకోండి. 22 వేల రూపాయల పొరపాటుని పట్టుకోడానికి అర నిమిషం చాలు.